విడిపోయాక వచ్చిన జీఎస్టీ నోటీసు: డీడ్ తేదీ ఒకటి, శాఖ లెక్కేసే తేదీ ఇంకొకటి

ప్రశ్న: సర్, చీమకుర్తిలో గ్రానైట్ స్లాబుల కటింగ్, పాలిషింగ్ యూనిట్. మా బావగారు, ఆయన ఫ్రెండ్, నేను ముగ్గురం భాగస్వాములం. 30-9-2022న నేను తప్పుకున్నాను. వంద రూపాయల స్టాంపు పేపర్ మీద డీడ్ రాసి నోటరీ చేయించాం. జీఎస్టీలో నా పేరు తీసేయడానికి 12-6-2023న అప్లై చేశారట, 3-7-2023న అప్రూవ్ అయింది. ఇప్పుడు 2023-24కి సెక్షన్ 73 కింద 14 లక్షల 40 వేల పన్నుకు నోటీసు మా ఇంటికి వచ్చింది. అనెక్చర్‌లో ఏప్రిల్ 1,80,000, మే 2,20,000, జూన్ ఏమీ లేదు, జులై నుంచి మార్చి దాకా 10,40,000 అని ఉంది. బయటికొచ్చిన ఆరు నెలల తర్వాత మొదలైన సంవత్సరానికి నేనెందుకు కట్టాలి? ఏమని జవాబు రాయాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

ముందు లెక్క చెప్తాను, కాస్త నిద్ర పడుతుంది. పద్నాలుగు లక్షల నలభై వేలలో పది లక్షల నలభై వేలు మీ మెడకు చుట్టుకోదు. మే నెల రెండు లక్షల ఇరవై వేలకు మంచి వాదనే ఉంది, కానీ గ్యారంటీ ఇవ్వలేను. ఏప్రిల్ లక్షా ఎనభై వేలను మాత్రం "నేను అప్పటికే బయటికి వచ్చేశాను" అన్న ఒక్క మాటతో వదిలించుకోవడం కష్టం. మీకు అన్యాయంగా అనిపిస్తుందని తెలుసు. ఎందుకలా అన్నది అర్థమైతే జవాబు ఎలా రాయాలో కూడా అర్థమవుతుంది.

డీడ్ మీదున్న 30-9-2022 అనేది మీకూ, మీ బావగారికీ, ఆయన ఫ్రెండుకీ మధ్య తేదీ. సీజీఎస్టీ చట్టం సెక్షన్ 90 దాన్ని ఒప్పుకుంటుంది, కానీ ఒక షరతు మీద. ఫర్మ్ కట్టాల్సిన పన్ను, వడ్డీ, పెనాల్టీకి ఫర్మూ, భాగస్వాములూ ఉమ్మడిగానూ విడివిడిగానూ బాధ్యులని ఆ సెక్షన్ మొదట చెబుతుంది. తర్వాత, తప్పుకున్న భాగస్వామి ఆ తేదీ వరకే బాధ్యుడని చెబుతూ, ఆ తేదీని ఆయనైనా, ఫర్మ్ అయినా కమిషనర్‌కు రాతపూర్వకంగా తెలపాలని అంటుంది. చివర్లో అసలు మెలిక ఉంది. తప్పుకున్న రోజు నుంచి ఒక నెల లోపల ఆ సమాచారం ఇవ్వకపోతే, అది కమిషనర్‌కు అందిన తేదీ దాకా ఆ భాగస్వామి బాధ్యత కొనసాగుతుంది.

అంటే మీ విషయంలో గడువు 30-10-2022. ఆ లోపు ఎవరో ఒకరు ఒక ఉత్తరం రాసి సేల్స్‌టాక్స్ ఆఫీసులో ఇచ్చి ఉంటే మీ బాధ్యత సెప్టెంబరు 30తోనే ఆగిపోయేది. ఇవ్వలేదు కాబట్టి చట్టం దృష్టిలో ఇంకో ఎనిమిది నెలల పైచిలుకు మీరు భాగస్వామిగానే ఉన్నట్టు. నోటరీ సీల్ దీనికి సరిపోదు. పేపర్లో ప్రకటన వేసినా సరిపోదు, అది వేరే చట్టం కోసం. కమిషనర్‌కు తెలిసిందా లేదా అన్నదే ఇక్కడ ప్రశ్న.

ఈ పొరపాటు మీ ఒక్కరిదే కాదు. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో, వ్యాట్ రోజుల్లో, నేనే ఒక రిటైర్‌మెంట్ డీడ్‌ను ఎంతో ముచ్చటగా తయారు చేసి, సంతకాలు పెట్టించి, ఆఫీసుకు ఉత్తరం పంపడం మరిచిపోయాను. ఏడాదిన్నర తర్వాత ఆ పెద్దాయన డిమాండ్ నోటీసు చేత్తో పట్టుకుని మా వసారాలో కూర్చున్నారు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అదే ఎక్కువ బాధేసింది. అప్పటి నుంచి డీడ్ మీద సంతకాల రోజే ఉత్తరం మీద కూడా సంతకం పెట్టించుకుంటున్నాను.

ఇప్పుడు మీ మూడు తేదీల సంగతి.

పేరు తీసేయడానికి ఫర్మ్ పెట్టింది `GST REG-14` దరఖాస్తు. భాగస్వామి మారడం కోర్ ఫీల్డ్ కాబట్టి అధికారి చూసి అప్రూవ్ చేయాలి. అప్రూవ్ చేస్తూ ఇచ్చే ఆర్డర్ `GST REG-15`. మార్పు జరిగిన 15 రోజుల్లో ఈ దరఖాస్తు పెట్టాలని రూల్ 19. మీ బావగారి ఆఫీసు ఎనిమిది నెలలు ఆలస్యం చేసింది. ఇదే రూల్ ప్రకారం అప్రూవ్ అయిన మార్పు ఆ సంఘటన జరిగిన తేదీ నుంచి అమలవుతుంది. కాబట్టి మీ `REG-15` తీసి, అందులో మీరు తప్పుకున్న తేదీగా 30-9-2022 పడిందో లేదో చూడండి. పడి ఉంటే "రికార్డు ప్రకారమే నేను సెప్టెంబరు నుంచి భాగస్వామిని కాను" అన్నది మీ మొదటి వాదన. నా అభిప్రాయం అడిగితే ఇది బలహీనమైన వాదన. రూల్ కన్నా సెక్షన్ పెద్దది, ఆలస్యం జరిగితే ఏమవుతుందో సెక్షన్ 90 సూటిగా చెప్పింది. అయినా రాయండి, రేపు అప్పీలుకు వెళ్తే ఫైల్లో ఉండాలి.

రెండో వాదన అసలైనది. ఫర్మ్ పెట్టిన `REG-14` కూడా రాతపూర్వక సమాచారమే. సెక్షన్ "ఆయన లేదా ఫర్మ్" అంటోంది. అది పోర్టల్‌లో చేరి ఏఆర్‌ఎన్ నంబర్ పుట్టిన రోజు 12-6-2023. సమాచారం అందిన తేదీ అంటే అదే. అధికారి తీరిక చేసుకుని అప్రూవ్ చేసిన 3-7-2023 కాదు. సెక్షన్‌లో ఉన్నది "అందిన తేదీ" అన్న మాట, "ఆమోదించిన తేదీ" కాదు. జవాబులో ఈ తేడాను ఒక పేరాలో గట్టిగా రాయండి. ఏ తేదీ తీసుకున్నా జులై నుంచి మార్చి దాకా ఉన్న 10,40,000 మీ పరిధిలోకి రాదు. జులై 1, 2 తేదీల బిల్లుల సంగతేంటని అడిగితే, ఆ నెల రిటర్న్ వేసింది ఆగస్టులో.

మరి ఇరవై రోజుల తేడా కోసం ఇంత పట్టుదల ఎందుకంటే, మే నెల అక్కడే ఇరుక్కుంది. నెలనెలా రిటర్న్ వేసే ఫర్మ్‌కు మే నెల `GSTR-3B` గడువు జూన్ 20. మీ నోటీసులో ఆరోపణ, రద్దయిన రిజిస్ట్రేషన్ ఉన్న సప్లయర్ బిల్లుల మీద ఇన్‌పుట్ క్రెడిట్ వాడుకున్నారని కదా (ఇలాంటి నోటీసుల్లో ఎక్కువగా ఉండేది అదే, మీ అనెక్చర్‌లో ఇంకేదైనా ఉంటే చెప్పండి). ఆ క్రెడిట్ వాడుకున్నది బిల్లు తేదీన కాదు, 3బీ వేసిన రోజున. మే పన్ను కట్టాల్సిన గడువు, 3బీ వేసిన తేదీ రెండూ జూన్ 20 అయితే, అప్పటికి సమాచారం అంది ఎనిమిది రోజులైంది. సమాచారం అందిన తేదీకి మే పన్ను ఇంకా కట్టాల్సిన బాకీగా మారలేదు, ఆ క్రెడిట్ తీసుకునే నిర్ణయం నా చేతిలో లేదు, అని మీరు అనవచ్చు. అధికారి ఒప్పుకోకపోవచ్చు. సరుకు కదిలింది మే నెలలో, బాధ్యత పుట్టింది అప్పుడే అంటారు. రెండు వైపులా మాట ఉంది కాబట్టే గ్యారంటీ లేదన్నాను. కానీ అధికారి 3-7-2023నే పట్టుకుంటే ఈ వాదన మొదలు కూడా పెట్టలేరు. అందుకే ఏఆర్‌ఎన్ తేదీ అంత ముఖ్యం.

ఏప్రిల్ నెల 3బీ గడువు మే 20. అది ఏ లెక్కన చూసినా 12-6-2023 కన్నా ముందే. ఆ 1,80,000 దగ్గర మీరు భాగస్వామి కాదన్న వాదనతో పాటు కేసు బలాబలాల్లోకి కూడా వెళ్లాల్సి ఉంటుంది. దాని గురించి కింద చెప్తాను.

జవాబు రాయడానికి ముందు నాకు ఒక్క విషయం నిజం చెప్పాలి. నాకు కాకపోయినా మీకు మీరు చెప్పుకోండి. తప్పుకున్న తర్వాత మీ ఫోన్‌కు జీఎస్టీ ఓటీపీలు వచ్చాయా? వస్తే అకౌంటెంట్ కుర్రాడికి చదివి చెప్పారా?

మన దగ్గర జరిగేది ఇదే. ఫర్మ్ పెట్టినప్పుడు చదువుకున్న కుర్రాడని మీ నంబరే ఆథరైజ్డ్ సిగ్నేటరీగా ఇస్తారు. విడిపోయినా నంబర్ మార్చరు. ప్రతి నెలా ఇరవయ్యో తారీఖున "అన్నా, ఒక ఓటీపీ వచ్చుంటుంది చూడవా" అని ఫోన్. మొహమాటానికి చెప్పేస్తాం. ఆ నెల `GSTR-3B` పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసి చివరి పేజీ చూడండి, సిగ్నేటరీ పేరు దగ్గర ఎవరి పేరుందో. 20-6-2023న వేసిన మే రిటర్న్ మీద మీ పేరే ఉంటే, పైన చెప్పిన మే వాదన రాయకండి. రాస్తే అధికారి ఆ పీడీఎఫ్ ప్రింట్ తీసి మీ ముందే పెడతారు, దాంతో మిగతా మాటల మీద కూడా నమ్మకం పోతుంది. మీ పేరు లేకపోతే ఆ పీడీఎఫ్‌నే జవాబుకు జత చేయండి. ఏప్రిల్ రిటర్న్‌ది కూడా చూడండి. భాగస్వామిగా పేరు తీసేసినా సిగ్నేటరీగా మీ పేరు, మొబైల్ అలాగే మిగిలిపోతుంటాయి, అది వేరే సవరణ. ఇప్పటికీ ఉంటే ఈ వారంలోనే తీయించండి.

పోర్టల్‌లో లాగిన్ లేకుండానే `Search Taxpayer` లోకి వెళ్లి ఫర్మ్ జీఎస్టీఐఎన్ కొడితే భాగస్వాముల పేర్లు కనిపిస్తాయి. మీ పేరు లేని ఆ పేజీని తేదీతో సహా ప్రింట్ తీసుకోండి. అక్కడే ఫర్మ్ రాష్ట్ర పరిధిలో ఉందో కేంద్ర పరిధిలో ఉందో, ఏ ఆఫీసో కూడా ఉంటుంది. నోటీసు ఇచ్చిన ఆఫీసు అదేనా అని సరిపోల్చుకోండి.

ఇంకొకటి వెతకాలి. అక్టోబరు 2022కూ జూన్ 2023కూ మధ్య సేల్స్‌టాక్స్ ఆఫీసుకు మీ డీడ్ జిరాక్స్ ఏదో ఒక పని మీద వెళ్లిందా? తనిఖీకి వచ్చినప్పుడు ఇచ్చారా, రీఫండ్ ఫైల్లో పెట్టారా, గోడౌన్ అడ్రస్ కలపడానికి జత చేశారా? తేదీ, ఇన్‌వర్డ్ ముద్ర ఉన్న ఒక్క కాగితం దొరికినా బాధ్యత ఆగే తేదీ ఇంకా వెనక్కి జరుగుతుంది. అది 2023 ఏప్రిల్ 1 కన్నా ముందుదైతే ఏప్రిల్ 1,80,000 కూడా పోతుంది. బావగారి ఆఫీసులో పాత ఫైళ్ల దుమ్ము దులపడం లక్షా ఎనభై వేలు చేసే పని. మీరే స్వయంగా వెళ్లి కూర్చోండి, "చూసి చెప్తాలే" అన్న మాట మీద ఆగకండి.

మీరు నిజంగా 30-9-2022నే తప్పుకున్నారని నిరూపించే కాగితాలు కూడా కావాలి, ఎందుకంటే డీడ్ పాత తేదీ వేసి రాసుకున్నారేమో అన్నది అధికారికి వచ్చే మొదటి అనుమానం. స్టాంపు పేపర్ వెనక అమ్మిన తేదీ, నోటరీ రిజిస్టర్ నంబర్, మీ క్యాపిటల్ అకౌంట్ సెటిల్ చేసి బ్యాంకు ద్వారా ఇచ్చిన డబ్బు, 2022-23కు ఫర్మ్ వేసిన ఇన్‌కంటాక్స్ రిటర్న్‌లో మీ వాటా ఆరు నెలలకే చూపించడం. డబ్బు చేతికి ఇచ్చి ఉంటే ఆ ఒక్కటీ బలహీనపడుతుంది, మిగతావి సరిపోతాయి. ఫర్మ్ రిజిస్టరైనదైతే ఒంగోలు జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో మార్పు నమోదు అయిందేమో నకలు తీసుకోండి. కాలేదంటే కూడా గాభరా పడకండి, జీఎస్టీ కేసు దాని మీద నిలబడేది కాదు.

ఇక జవాబు ఇచ్చే తీరు. నోటీసు సారాంశం `DRC-01`, దానికి జవాబు `DRC-06`. కానీ `DRC-06` ఫర్మ్ లాగిన్‌లో నుంచే వెళ్తుంది, అది మీ చేతిలో లేదు. బావగారు "మా జవాబులోనే నీదీ రాసేస్తాం" అంటారు. ఒప్పుకోకండి. ఆయన ప్రయోజనం, మీ ప్రయోజనం ఈ కేసులో ఒకటి కాదు. ఆయన వాదన క్రెడిట్ సరైనదని, మీ వాదన ఆ క్రెడిట్‌తో మీకు సంబంధం లేదని. పైగా ఆయన జవాబులో "భాగస్వాములమైన మేము" అని పొరపాటున రాస్తే మీరు మళ్లీ లోపలికి వచ్చినట్టే. మీ జవాబు మీరే కాగితం మీద, మీ సంతకంతో, నోటీసులో చెప్పిన గడువు లోపల ఆఫీసు తపాలు సెక్షన్‌లో ఇవ్వండి. రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోకుండా కదలకండి. అదే రోజు స్పీడ్‌పోస్టులో, అందినట్టు రుజువు వచ్చేలా ఇంకో కాపీ పంపండి. రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్‌పోస్టులో కలిపేశారు కాబట్టి పోస్టాఫీసులో పాత పేరు చెబితే అయోమయపడతారు. ఆఫీసు మెయిల్‌కు కూడా ఒక కాపీ పెట్టండి.

జవాబులో మాటలు ఇలా ఉంటే చాలు. ఇంగ్లీషులో రాయించినా సారం ఇదే ఉండాలి:

> ఫలానా ఫర్మ్ పేరు, జీఎస్టీఐఎన్, నోటీసు నంబర్, తేదీ.
>
> నేను పై ఫర్మ్ నుంచి 30-9-2022న రిటైర్ అయ్యాను. డీడ్ నకలు, క్యాపిటల్ సెటిల్‌మెంట్ చూపే బ్యాంకు స్టేట్‌మెంట్, 2022-23 రిటర్న్ నకలు జత చేస్తున్నాను.
>
> నా రిటైర్‌మెంట్ సమాచారం ఫర్మ్ ద్వారా 12-6-2023న, ఏఆర్‌ఎన్ నంబరుతో, మీ కార్యాలయానికి రాతపూర్వకంగా అందింది. `REG-15` ఆర్డర్ ద్వారా నా పేరు తొలగింది. కనుక సెక్షన్ 90 ప్రకారం 12-6-2023 తర్వాతి కాలానికి నాపై ఎలాంటి బాధ్యత లేదు. అనెక్చర్‌లోని జులై 2023 నుంచి మార్చి 2024 వరకు ఉన్న 10,40,000 రూపాయలకు నాపై ప్రతిపాదనను ఉపసంహరించాలని కోరుతున్నాను.
>
> మే 2023కు సంబంధించిన క్రెడిట్‌ను 20-6-2023న దాఖలైన రిటర్న్‌లో తీసుకున్నారు. అది సమాచారం అందిన తర్వాతి చర్య. ఆ రిటర్న్ నేను దాఖలు చేయలేదు.
>
> పై వాదనలకు భంగం లేకుండా, ఏప్రిల్ 2023కు సంబంధించిన క్రెడిట్ చెల్లుతుందని తెలుపుతూ బిల్లులు, ఈ-వే బిల్లులు, చెల్లింపు రుజువులు జత చేస్తున్నాను.
>
> నాకు వ్యతిరేకంగా ఏ నిర్ణయం తీసుకునే ముందైనా వ్యక్తిగతంగా విచారణకు అవకాశం ఇవ్వాలని కోరుతున్నాను. నాకు ఇవ్వని పత్రాల నకళ్లు ఇప్పించాలని ప్రార్థన.

"ఆ రిటర్న్ నేను దాఖలు చేయలేదు" అన్న వాక్యం, ఆ పీడీఎఫ్ చూశాకే ఉంచండి. మొదటి వాదన, అంటే రూల్ 19 ప్రకారం మార్పు 30-9-2022 నుంచే అమలన్నది, రెండో పేరా తర్వాత రెండు వాక్యాలు చేర్చుకోవచ్చు. "ఫర్మ్ వ్యవహారాలు నాకేమీ తెలియవు" అని మాత్రం ఎక్కడా రాయకండి. ఏప్రిల్‌కు బిల్లులు చూపిస్తూ ఏమీ తెలియదంటే పొసగదు.

"భంగం లేకుండా" అన్న మాట చాలామందికి అలంకారంలా కనిపిస్తుంది. దాని పని వేరు. నేను బాధ్యుడిని కాను అంటూనే, ఒకవేళ అయితే కూడా పన్ను రాదు అని చెప్పడానికి అది దారి. ఆ మాట లేకుండా బిల్లులు పెడితే, మీరే బాధ్యత ఒప్పుకుని లెక్క చెబుతున్నారని అనుకునే అవకాశం ఉంది.

ఏప్రిల్ బిల్లుల గురించి. సప్లయర్ రిజిస్ట్రేషన్ ఎప్పటి నుంచి రద్దయిందో చూడండి. చాలాసార్లు రద్దు ఆర్డర్ తర్వాత ఇచ్చి, పాత తేదీ నుంచి అమలు చేస్తారు. మీరు కొన్న రోజున పోర్టల్‌లో అతను యాక్టివ్‌గానే ఉండి ఉంటే ఆ మాట పనికొస్తుంది. అంతకన్నా పనికొచ్చేది సరుకు నిజంగా వచ్చిందన్న రుజువు. చీమకుర్తిలో బ్లాకు కదిలితే ఎక్కడో ఒకచోట కాటా పడాల్సిందే. కాటా చీటీ మీద లారీ నంబర్, ఈ-వే బిల్లు మీద లారీ నంబర్, బిల్లు మీద లారీ నంబర్ ఒకటే అయి, డబ్బు బ్యాంకు ద్వారా వెళ్లి ఉంటే, అది కాగితాల మీద మాత్రమే జరిగిన కొనుగోలు కాదని తేలుతుంది. లోడింగ్ కూలీ వోచర్, ఫ్యాక్టరీ గేటు రిజిస్టర్ ఉంటే అవీ పెట్టండి. సప్లయర్ పన్ను ప్రభుత్వానికి కట్టకపోతే క్రెడిట్ కుదరదన్న షరతు సెక్షన్ 16లో ఉంది, దాన్ని ఈ కాగితాలతో పూర్తిగా దాటలేకపోవచ్చు. కానీ మోసం అన్న మాట రాకుండా ఆపుతాయి. అది ఎందుకు ముఖ్యమంటే, సెక్షన్ 73 కింద పెనాల్టీ పన్నులో పది శాతమే. మోసం ఆరోపించే సెక్షన్ 74కి మారితే పెనాల్టీ పన్నుతో సమానం.

ఇప్పుడు చెత్త పరిస్థితి లెక్క వేసుకుందాం. ఏప్రిల్, మే రెండూ మీ మీదే పడ్డాయనుకోండి. పన్ను 4,00,000. వడ్డీ ఏడాదికి 18 శాతం, అంటే ఏడాదికి 72,000. పెనాల్టీ 40,000. నోటీసు వచ్చిన 30 రోజుల్లో పన్ను, వడ్డీ కట్టేస్తే సెక్షన్ 73లో పెనాల్టీ ఉండదు. అలాగని మీరు పరుగెత్తి కట్టకండి. ఉమ్మడి బాధ్యత అంటే శాఖ ఆ నాలుగు లక్షలూ ముగ్గురిలో ఎవరి దగ్గరైనా మొత్తంగా వసూలు చేయొచ్చు, మీ మూడో వంతు వాటా అన్న మాట వాళ్లు వినరు. కాబట్టి కట్టాల్సి వస్తే ఫర్మ్ కట్టడమే సబబు. ఫర్మ్ కడితే మీ మీద కూడా ఆ బాకీ తీరిపోతుంది.

ఇక్కడే మీ డీడ్ పనికొస్తుంది. "ఇకపై ఫర్మ్ అప్పులు, పన్నులు అన్నీ మిగిలిన భాగస్వాములే భరించాలి" అని ఒక క్లాజు ఉండే ఉంటుంది. ఆ క్లాజు శాఖను కట్టడి చేయదు, ఎందుకంటే శాఖ ఆ డీడ్‌లో సంతకం పెట్టలేదు. కానీ మీరు ఏ రూపాయి కట్టాల్సి వచ్చినా దాన్ని మీ బావగారి దగ్గర, ఆయన ఫ్రెండు దగ్గర రాబట్టే హక్కు దాని వల్లే వస్తుంది. ఈ రోజే వాళ్లిద్దరికీ ఒక ఉత్తరం రాయండి, నోటీసు నకలు జత చేసి, ఆ క్లాజు నంబర్ చెప్పి, మీరే కట్టాలి లేదా నాకు తిరిగివ్వాలి అని. ఇంట్లో అక్కయ్య బాధపడుతుందని ఆగకండి. ఉత్తరం కోర్టుకు వెళ్లడం కాదు. రేపు పెద్దమనుషుల మధ్య కూర్చున్నా, "ఆ రోజే చెప్పాను" అనడానికి కాగితం ఉండాలి. సూచనగా అడుగుతున్నాను, డీడ్ మీద ఆయన ఫ్రెండు సంతకం కూడా ఉంది కదా? రెండు సంతకాలే ఉన్న డీడ్‌లు నేను చూశాను.

ఒకవేళ మీ జవాబు పట్టించుకోకుండా ఆర్డర్ వస్తే, అది `DRC-07` రూపంలో ఫర్మ్ లాగిన్‌లో పడుతుంది. మీకు ఇంటికి రాకపోవచ్చు. కాబట్టి పదిహేను రోజులకోసారి బావగారిని అడిగి పోర్టల్ చూపించుకోండి. ఆర్డర్ అందిన తేదీ నుంచి అప్పీలుకు మూడు నెలలు, తగిన కారణం చూపితే ఇంకో నెల. వివాదంలో ఉన్న పన్నులో పది శాతం ముందు కట్టాలి. మీ మీద నాలుగు లక్షలే మిగిలి, మొత్తానికీ అప్పీలు చేస్తే అది నలభై వేలు. ఈ గడువు దాటాక మీ సేవింగ్స్ అకౌంట్ ఉన్న బ్యాంకుకు `DRC-13` వస్తుంది. అంటే మీ డబ్బును నేరుగా శాఖకు పంపమని. అప్పుడు పరుగెత్తడం కన్నా ఇప్పుడు రాయడం సుళువు. ఈ జవాబులో మీరు రాయని విషయాన్ని అప్పీల్లో కొత్తగా ఎత్తడం కష్టమవుతుంది కూడా.

మీ ప్రశ్నలో లేదు గానీ, ఫర్మ్‌కు బ్యాంకులో ఓవర్‌డ్రాఫ్ట్ ఉండి మీరు గ్యారంటీ సంతకం పెట్టి ఉంటే, రిటైర్ అయినంత మాత్రాన అది పోదు. బ్యాంకుకు విడిగా రాయాలి. బండలు, బ్లేడ్లు అప్పుగా ఇచ్చే వ్యాపారులకు మీరు తప్పుకున్న సంగతి తెలియకపోతే, పార్ట్‌నర్‌షిప్ చట్టం ప్రకారం బహిరంగ ప్రకటన ఇచ్చేదాకా వాళ్లూ మీ మీదికి రావచ్చు. ఆ ప్రకటన అంటే గెజిట్‌లో, జిల్లాలో తిరిగే ఒక తెలుగు పత్రికలో వేయడం, ఫర్మ్ రిజిస్టరైతే రిజిస్ట్రార్‌కు కూడా తెలపడం. అది వేరే కథ, ఈ నోటీసు అయ్యాక అడగండి.

ముందు మూడు కాగితాలు తెప్పించుకోండి: `REG-14` ఏఆర్‌ఎన్ రసీదు, `REG-15` ఆర్డర్, 20-6-2023 నాటి `GSTR-3B`. మూడో దాని చివరి పేజీలో ఎవరి పేరుందో ఇక్కడ చెప్పండి, మే వాదన ఉంచాలో తీయాలో అప్పుడు తేల్చుకుందాం.